వారం లోడ్ ఒక్కసారిగా పెరిగితే? పిల్లల పరుగుకు పల్స్ లెక్క



స్కూల్ గేమ్స్ సెలెక్షన్లు దగ్గర పడగానే పిల్లలు తెల్లవారుజామునే లేచి పరుగెత్తడం మొదలుపెడతారు. రెండో వారానికల్లా "మోకాలి కింద నొప్పి" అంటారు. ఎంత దూరం పరుగెత్తారని అడుగుతాం గానీ, పోయిన వారంతో పోలిస్తే ఎంత పెరిగిందని అడగం. ఆ పెరుగుదలను ఇంట్లోనే ఒక నోట్‌బుక్కు, గడియారం సాయంతో ఎలా లెక్క కట్టాలో ఈ నెల చూద్దాం.

స్కోరు ఎలా వస్తుంది?

ఒకే అరగంటను ఒకరు నింపాదిగా, మరొకరు రొప్పుతూ పరుగెత్తవచ్చు. గడియారానికి రెండూ ఒకటే, గుండెకు కాదు. అందుకే నిమిషాలను పల్స్‌తో కలిపి లెక్కించే పద్ధతిని కెనడాకు చెందిన ఎరిక్ బానిస్టర్ తయారు చేశారు. ఆయన సూత్రం కాస్త క్లిష్టం. తర్వాత అమెరికాకు చెందిన శాలీ ఎడ్వర్డ్స్ దాన్ని అయిదు జోన్ల లెక్కగా తేలిక చేశారు. మనకు అది చాలు.

హైస్కూల్ పిల్లల్లో గుండె అత్యధికంగా నిమిషానికి సుమారు 200 సార్లు కొట్టుకుంటుంది. పిల్లల మధ్య కొద్దిగా తేడా ఉన్నా, లెక్కకు 200 తీసుకుందాం. అప్పుడు జోన్లు ఇలా ఉంటాయి.

- పల్స్ 100 నుంచి 119: జోన్ 1
- 120 నుంచి 139: జోన్ 2
- 140 నుంచి 159: జోన్ 3
- 160 నుంచి 179: జోన్ 4
- 180, ఆపైన: జోన్ 5

స్కోరు = నిమిషాలు × జోన్ నంబరు. వారంలో వచ్చిన స్కోర్లన్నీ కలిపితే అదే ఆ వారం లోడ్.

పల్స్ చూసే పద్ధతి ముఖ్యం. పరుగు ఆపిన వెంటనే మణికట్టు మీద గానీ, మెడ పక్కన గానీ రెండు వేళ్లు మెల్లగా ఆనించి 10 సెకన్లు లెక్కపెట్టి, ఆరుతో గుణించాలి. ఆగిన తర్వాత పల్స్ త్వరగా పడిపోతుంది కాబట్టి నిమిషమంతా లెక్కపెడితే తక్కువ వస్తుంది. అయితే 10 సెకన్లలో ఒక్క దెబ్బ తప్పినా ఫలితంలో 6 తేడా వస్తుంది. అందుకే పరుగు మధ్యలో ఒకసారి, చివర ఒకసారి చూడటం మంచిది.

ఒక ఉదాహరణ

తొమ్మిదో తరగతి పిల్లవాడు, అండర్-17లో 1500 మీటర్ల పరుగుకు తయారవుతున్నాడనుకుందాం. మామూలు వారంలో మూడు రోజులు 20 నిమిషాల చొప్పున నింపాదిగా పరుగెత్తుతాడు. 10 సెకన్లకు 25 దెబ్బలు, అంటే పల్స్ 150, జోన్ 3. రోజుకు 60 చొప్పున మూడు రోజులకు 180. ఇవిగాక 40 నిమిషాల ఆటల పీరియడ్లు రెండు. అక్కడ 22 దెబ్బలు, అంటే 132, జోన్ 2. ఒక్కోదానికి 80, రెండింటికి 160. వారం మొత్తం 340.

గత నాలుగు వారాలు 340, 320, 340, 160 అనుకోండి. నాలుగో వారంలో పరీక్షలున్నాయి కాబట్టి పరుగు లేదు. నాలుగు వారాల సగటు 290.

ఇంతలో మూడు వారాల్లో సెలెక్షన్ అని తెలిసింది. పిల్లవాడు అయిదు రోజులు, రోజుకు 30 నిమిషాలు గట్టిగా పరుగెత్తాడు. 28 దెబ్బలు, పల్స్ 168, జోన్ 4. రోజుకు 120, అయిదు రోజులకు 600. ఆటల పీరియడ్లతో కలిపి 760.

నిమిషాలు మాత్రమే చూస్తే మామూలు వారంలో 140, ఈ వారం 230. ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ, అంతే కదా అనిపిస్తుంది. స్కోరు చూస్తే మామూలు వారానికి రెండు రెట్లు దాటింది. నాలుగు వారాల సగటుతో పోలిస్తే రెండున్నర రెట్లు కూడా దాటింది. రోజులు, నిమిషాలు, వేగం మూడూ ఒకే వారంలో పెంచడంతో వచ్చిన గెంతు ఇది.

మరి ఎలా పెంచాలి?

పరీక్షల తర్వాతి వారం కొత్తగా ఏమీ పెంచకుండా పాత 340కే తిరిగి రావాలి. సగటు 290 కాబట్టి అదే కొంత పెరుగుదల. రెండో వారం 380: ఒక పరుగును 30 నిమిషాలకు పొడిగిస్తే 30 పెరుగుతుంది. ఇంకో పరుగులో చివరి 10 నిమిషాలు జోన్ 4లో పెడితే మరో 10. మూడో వారం సెలెక్షన్ ఉంది కాబట్టి తగ్గించాలి: రెండు నింపాది పరుగులు, ఒక ఆటల పీరియడ్, మొత్తం 200. సెలెక్షన్ రోజు దీనికి అదనం.

వారానికి 10 శాతానికి మించి పెంచవద్దని కోచ్‌లు చెబుతుంటారు. అది కాపలా లాంటిదే గానీ గ్యారంటీ కాదు. నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన వారిపై 2008లో ప్రచురితమైన అధ్యయనంలో, నెమ్మదిగా పెంచిన వారికీ మిగతా వారికీ గాయాల సంఖ్యలో తేడా కనిపించలేదు. కాబట్టి 10 శాతమా, 12 శాతమా అని పట్టుబట్టనక్కర్లేదు. రెట్టింపు కాకుండా చూసుకోవడమే అసలు పని.

స్కోరుకు కనిపించనివి

పల్స్ గుండె పని చెబుతుంది, ఎముక మీద పడే దెబ్బ చెప్పదు. మన పెద్దముడియం వైపు నల్లరేగడి నేల. వాన పడితే బురద, ఎండితే నెర్రెలు. అందుకని పిల్లలు తారు రోడ్డు మీద పరుగెత్తుతారు. గట్టి రోడ్డు మీద గానీ, మెత్తటి మట్టి మీద గానీ స్కోరు అదే వస్తుంది, కాలికి తగిలేది మాత్రం వేరు. అలాగే 100 మీటర్ల స్ప్రింట్లలో పల్స్ పైకెక్కే లోపే పరుగు అయిపోతుంది. స్కోరు తక్కువ వచ్చినా కండరాలు బాగా అలసి ఉంటాయి. ఎండలో మాత్రం దీనికి వ్యతిరేకం: అదే వేగానికి పల్స్ ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు స్కోరు తప్పని కొట్టేయకండి, గుండె నిజంగానే ఎక్కువ కష్టపడుతోంది.

స్మార్ట్‌వాచ్ లోడ్ నంబరు చూపిస్తే వాడుకోవచ్చు. కానీ ఒక్కో కంపెనీ లెక్క ఒక్కో రకం. ఆ నంబరును అదే వాచ్ పాత వారాలతోనే పోల్చండి, పక్కింటి పిల్లవాడి వాచ్‌తో కాదు.

ఎప్పుడు ఆపాలి?

కండరమంతా పట్టేసినట్టుండి రెండు రోజుల్లో తగ్గితే అది మామూలు నొప్పి. వేలితో చూపించగలిగేలా ఎముక మీద ఒకే చోట నొప్పి ఉన్నా, కుంటుతున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా పరుగు ఆపించి ఎముకల డాక్టరుకు చూపించాలి. ఎదిగే వయసులో మోకాలి కింద బొడిపె దగ్గర, మడమ వెనుక నొప్పి రావడం తరచుగా చూస్తాం. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా స్కోరు సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పొద్దున మంచం దిగకముందు పల్స్ కూడా రాసుకోండి. రోజూ ఉండేదానికంటే 10 దాకా ఎక్కువగా వరుసగా రెండు రోజులు ఉంటే, నిద్ర చాలలేదేమో, జ్వరం వస్తోందేమో చూసి ఆ రోజు పరుగు మాన్పించండి. మానేసిన పరుగును ఆదివారం రెండింతలు చేసి పూడ్చనివ్వకండి. ఆ వారం స్కోరు తక్కువే ఉండనివ్వండి, వచ్చే వారం అక్కడి నుంచే లెక్క మొదలవుతుంది.