లింక్ నొక్కేశాక ఏం చేయాలి?

"మీ యోనో అకౌంట్ ఈ రోజు బ్లాక్ అవుతుంది, వెంటనే పాన్ అప్‌డేట్ చేయండి." స్టేట్ బ్యాంకు పేరుతో తిరిగే ఇలాంటి మెసేజ్‌లు నకిలీవని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఎన్నోసార్లు హెచ్చరించింది. అయినా హన్మకొండలోని మా హాస్టల్‌లో ఫీజు కట్టే వారం అలాంటిదొకటి వస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. మెసేజ్ రాసినవాడికి కావాల్సిందీ ఆ కంగారే.

మొన్న మా జూనియర్ తమ్ముడికి వచ్చిన లింక్ దాదాపు ఇలా ఉంది (చివరి ముక్క నేను మార్చాను):

```
https://sbi.bank.in.pan-kyc.example/login
```

మొదట్లో sbi.bank.in కనబడగానే వాడు నమ్మేశాడు. కానీ అడ్రస్‌ని వెనక నుంచి చదవాలి. `//` తర్వాత వచ్చే మొదటి `/` దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమవైపుకి రండి. ఇక్కడ అసలు యజమాని `pan-kyc.example`. దాని ముందు ఎవరి పేరైనా తగిలించుకోవచ్చు. నిజమైన బ్యాంకు అడ్రస్‌లో `/`కి ముందు చివరగా `.bank.in` ఉండాలి. 2025 అక్టోబర్ 31 కల్లా బ్యాంకులన్నీ దీనికి మారాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఆ పేర్లు ఇచ్చేది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ఒక్కటే, కాబట్టి దొంగకి అవి దొరకడం కష్టం. తాళం గుర్తు చూసి మాత్రం మోసపోకండి, అది దొంగ సైట్‌కీ ఉంటుంది.

మా తమ్ముడు యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టేశాడు. ఓటీపీ రాగానే అది దేనికని చదివాడు: కొత్త బెనిఫిషియరీని చేర్చడానికట! పాన్ అప్‌డేట్‌కి బెనిఫిషియరీ ఎందుకు? అక్కడ ఆగి నా గదికి పరుగెత్తుకొచ్చాడు.

ఊరికే లింక్ తెరిచి ఏమీ టైప్ చేయకుండా మూసేస్తే సాధారణంగా డబ్బు పోదు. వివరాలు ఇచ్చేస్తే మాత్రం ముందు బ్యాంకుకే ఫోన్ చేయాలి. నంబర్ డెబిట్ కార్డు వెనక ఉంటుంది, గూగుల్‌లో వెతకొద్దు, అక్కడా నకిలీ కస్టమర్ కేర్లున్నాయి. మేం నెట్ బ్యాంకింగ్, కార్డు రెండూ బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబర్, టైమ్ రాసుకున్నాం. ఆ టైమ్ ఎందుకంటే, రిజర్వ్ బ్యాంక్ 2017 నిబంధనల ప్రకారం, మనమే వివరాలు ఇచ్చేసినా సరే, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయే సొమ్ము బాధ్యత బ్యాంకుదే. చెప్పకముందు పోయింది మనదే.

డబ్బు పోయి ఉంటే ఆ వెంటనే 1930. దొంగ సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దూకుతూ పోతుంది. ఎక్కడో ఒకచోట ఇంకా ఉండగానే ఆపమని ఆ బ్యాంకులకి కబురు వెళ్ళేది ఈ ఫిర్యాదు వల్లే. ఏటీఎంలో తీసేశాక ఆపడానికేం మిగలదు. తర్వాత `cybercrime.gov.in`లో స్క్రీన్‌షాట్లు పెట్టొచ్చు, అందుకే కోపంతో మెసేజ్ డిలీట్ చేయకండి.

ఆ లింక్ ఏపీకే ఫైల్ దింపి, మీరు ఇన్‌స్టాల్ చేసి ఉంటే కథ వేరు. ఎస్సెమ్మెస్ అనుమతి ఇచ్చారంటే ఓటీపీలు మీకంటే ముందు వాడే చదువుతాడు. డేటా, వైఫై ఆపేసి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఫోన్లన్నీ పక్క గది వాళ్ళ మొబైల్ నుంచి చేయండి, పాస్‌వర్డ్‌లు కూడా వేరే పరికరంలోనే మార్చండి. ఆధారాలు ఫొటో తీసుకున్నాక ఆ ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి, యాప్ తీసేస్తే సరిపోదు. కాల్స్ వేరే నంబర్‌కి మళ్ళించి ఉంటాడేమోనని `##002#` డయల్ చేస్తే ఫార్వర్డింగ్ రద్దవుతుంది.