రక్త సంబంధాలు, దిక్కులు: బొమ్మ గీశాక ఎటు నుంచి చూడాలి?

బ్యాంకు, రైల్వే, ఎస్ఎస్‌సీ, పోలీసు ఉద్యోగాల పరీక్షల రీజనింగ్‌లో రక్త సంబంధాలు, దిక్కుల ప్రశ్నలు తరచూ కనిపిస్తాయి. ఇవి సులువని అందరూ అంటారు. కానీ వంశవృక్షం సరిగ్గా గీసిన వాళ్లు, దారి సరిగ్గా వేసిన వాళ్లు కూడా చివర్లో తప్పు ఆప్షన్ గుర్తిస్తుంటారు. బొమ్మలో తప్పుండదు. దాన్ని ఎవరి దగ్గర నిలబడి చూడాలన్న చోటే పొరపాటు పడతారు. ఐబీపీఎస్ ప్రిలిమ్స్‌లో తప్పు జవాబుకు పావు మార్కు, ఆర్ఆర్‌బీ ఎన్‌టీపీసీలో మూడో వంతు మార్కు కోత పడుతుంది. అందుకే ఈ చివరి మెట్టును విడిగా సాధన చేయాలి.

చెప్పిందే గీయండి

ముందు గుర్తులు ఖాయం చేసుకోండి. మగవారికి ప్లస్, ఆడవారికి మైనస్, ఎవరో చెప్పకపోతే ప్రశ్నార్థకం. భార్యాభర్తల మధ్య రెండు గీతలు, తోబుట్టువుల మధ్య ఒక అడ్డగీత, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు నిలువుగీత. ఒక తరం వాళ్లంతా ఒకే వరుసలో ఉండాలి. ఇప్పుడు ఈ ప్రశ్న చూడండి.

క్యూకు పి సోదరుడు. క్యూకు ఆర్ తల్లి. ఆర్‌కు ఎస్ తండ్రి. ఎస్‌కు టి భార్య. అయితే టికి క్యూ ఏమవుతారు?

ఆప్షన్లు: మనవడు, మనవరాలు, కుమార్తె, నిర్ధారించలేం.

```
ఎస్ (+) = టి (−)
        |
      ఆర్ (−)
        |
పి (+) — క్యూ (?)
```

క్యూకు పి సోదరుడు అన్న వాక్యం పి మగవాడని మాత్రమే చెబుతుంది. క్యూ అబ్బాయో అమ్మాయో ఎక్కడా లేదు. తొందరలో చదివినప్పుడు ‘సోదరుడు’ అన్న మాట ఇద్దరికీ అంటుకుంటుంది. క్యూ పక్కన కూడా ప్లస్ పెట్టేస్తాం, మనవడు అని గుర్తించేస్తాం. ప్రశ్నార్థకం పెట్టి ఉంటే అది చివరి దాకా కనిపిస్తూనే ఉంటుంది. సరైన జవాబు ‘నిర్ధారించలేం’.

అదే బొమ్మ మీద ప్రశ్నను తిప్పి అడిగారనుకుందాం. క్యూకు టి ఏమవుతుంది? జవాబు అమ్మమ్మ, ఇందులో అనుమానం లేదు. టి ఆడమనిషని తెలుసు, మధ్యలో ఉన్నది తల్లి అనీ తెలుసు. క్యూ ఎవరైనా ఈ జవాబు మారదు. ఎవరి బంధుత్వం అడిగారో వాళ్లు ఆడో మగో తెలిస్తే చాలు, ఎవరికి అని అడిగారో వాళ్లది అక్కర్లేదు. ఎస్ భార్య కాబట్టి టి ఆర్‌కు తల్లి అనే తీసుకున్నాం. సవతి తల్లి కావచ్చు కదా అన్న ఆలోచన ఈ పరీక్షల్లో పెట్టుకోకూడదు.

‘కు’ ఉన్న చోట నిలబడండి

తెలుగులో చదివే వాళ్లకు ఇక్కడ ఒక మంచి ఆనవాలు ఉంది. ప్రశ్న చివరి వాక్యంలో ఏ పేరుకు ‘కి’ లేదా ‘కు’ ఉందో, బొమ్మలో ఆ పేరు మీద పెన్సిల్ ఆనించండి. అక్కడి నుంచి రెండో పేరు దాకా ఒక బాణం గీసి, ఆ దారిలో ఒక్కో గీతనూ చదవండి. క్యూ నుంచి పైకి వెళ్తే తల్లి, ఇంకా పైకి వెళ్తే తల్లి తల్లి.

గీత పెళ్లిదా, పుట్టుకదా అన్నది కూడా చూసుకోవాలి. మన ఇళ్లలో తల్లి సోదరుణ్నీ మామ అంటాం, భార్య తండ్రినీ మామ అంటాం. బొమ్మలో మొదటి దారి తల్లి మీదుగా, రెండోది రెండు గీతల మీదుగా వెళ్తుంది. ఆప్షన్‌లో ‘మామ’ అని మాత్రమే ఉంటే పక్కనున్న ఇంగ్లిష్ పాఠం కూడా చూసి ఖాయం చేసుకోండి.

ఫొటో చూపిస్తూ చెప్పే ప్రశ్నల్లో ‘నా’, ‘మా’ అన్న చోటు నుంచి మొదలుపెట్టాలి. ‘ఇతని తల్లి మా అమ్మకు ఏకైక కుమార్తె’ అని ఒక స్త్రీ అందనుకోండి. మా అమ్మకు ఏకైక కుమార్తె అంటే ఆ మాట అన్న ఆమే. కాబట్టి ఫొటోలో ఉన్నది ఆమె కొడుకు. అదే మాట ఒక పురుషుడు అంటే ఆ ఏకైక కుమార్తె అతని సోదరి, ఫొటోలో ఉన్నది మేనల్లుడు. మాట్లాడిన వాళ్లు ఎవరన్నది మొదటి గుర్తుగా పెట్టాలి.

దారి గీసేటప్పుడు

దిక్కుల ప్రశ్నకూ ఇదే పద్ధతి. పేజీ పైభాగాన్ని ఉత్తరంగా పెట్టుకుని ఈ లెక్క వేయండి.

ఒకతను ఇంటి నుంచి ఉత్తరంగా 10 మీటర్లు నడిచి, కుడికి తిరిగి 8 మీటర్లు, మళ్లీ కుడికి తిరిగి 22 మీటర్లు, మళ్లీ కుడికి తిరిగి 3 మీటర్లు నడిచాడు.

ఎక్కువగా తప్పు జరిగేది మూడో మలుపు దగ్గర. అతను దక్షిణం వైపు, అంటే పేజీలో కిందికి నడుస్తున్నాడు. అప్పుడు అతని కుడి చెయ్యి పేజీలో ఎడమ పక్కన ఉంటుంది. మన కుడిని చూసి గీస్తే గీత తూర్పుకు పోతుంది. దీనికి ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర అన్న వరుస గుర్తుంచుకుంటే చాలు. కుడికి తిరిగితే వరుసలో తర్వాతి దిక్కు, ఎడమకు తిరిగితే ముందు దిక్కు. పడమర తర్వాత మళ్లీ ఉత్తరం వస్తుంది.

ఇక్కడ ఉత్తరం 10, తూర్పు 8, దక్షిణం 22, పడమర 3 అయ్యాయి. 22లో 10 తీసేస్తే దక్షిణానికి 12, 8లో 3 తీసేస్తే తూర్పుకు 5 మిగులుతాయి. 12 వర్గం 144, 5 వర్గం 25, కలిపితే 169. అంటే ఇంటికీ అతనికీ మధ్య నేరుగా 13 మీటర్లు.

ఇక చివరి వాక్యం. ‘ఇంటి నుంచి అతను ఏ దిక్కున ఉన్నాడు’ అంటే ఇంటి దగ్గర నిలబడాలి, జవాబు ఆగ్నేయం. ‘అతను ఉన్న చోటు నుంచి ఇల్లు ఏ దిక్కున ఉంది’ అంటే అతని దగ్గర నిలబడాలి, జవాబు వాయవ్యం. ‘అతను ఏ దిక్కుకు తిరిగి ఉన్నాడు’ అంటే చివరి గీత చూడాలి, జవాబు పడమర. దారి ఒకటే, జవాబులు మూడు. ఆప్షన్లలో ఈ మూడూ కనిపించడం మామూలే. దక్షిణానికి 12, తూర్పుకు 5 అంటే సరిగ్గా మూల కాదు కదా అన్న సందేహం వద్దు. ఆ రెండు దిక్కుల మధ్య ఎక్కడున్నా ఈ పరీక్షల్లో ఆగ్నేయమే అంటారు.

నీడ ఇచ్చినప్పుడు కూడా ముందు దిక్కును గీయండి. ఉదయం సూర్యుడు తూర్పున ఉంటాడు కాబట్టి నీడ పడమరకు పడుతుంది. ఆ నీడ ఒకతని కుడివైపు పడిందంటే అతని కుడి పడమర. వరుసలో పడమరకు ముందున్నది దక్షిణం, అతను చూస్తున్నది అటే. సాయంత్రమైతే నీడ తూర్పుకు పడుతుంది, అప్పుడు జవాబు ఉత్తరం అవుతుంది.

సాధన ఇలా

పాత ప్రశ్నపత్రంలో ఒక లెక్క పూర్తయ్యాక దాన్ని వదిలేయకండి. అదే బొమ్మ మీద చివరి వాక్యాన్ని తిప్పి మీరే ఇంకో ప్రశ్న వేసుకోండి. టికి క్యూ అని ఉంటే క్యూకు టి అని, ఇంటి నుంచి అని ఉంటే అతని నుంచి అని మార్చండి. దిక్కుల్లో రెండు జవాబులూ ఎదురెదురుగా రావాలి, ఆగ్నేయానికి వాయవ్యం, ఈశాన్యానికి నైరుతి. బంధుత్వంలో తరాల తేడా రెండింటికీ ఒకటే ఉండాలి, మనవడికి రెండు తరాలైతే అమ్మమ్మకూ రెండే. ఇవి కుదరకపోతే బొమ్మను మళ్లీ గీయకముందే ఒకసారి ఆ బాణాన్ని చూడండి. చాలాసార్లు అది తప్పు పేరు దగ్గర మొదలై ఉంటుంది.