పిల్లల ముందు, చుట్టాల ముందు మాట పెరిగితే...

"పిల్లల ముందు కొట్లాడొద్దు" అని అందరూ చెప్తారు. స్టేషన్ ఘన్‌పూర్‌లోనో, ఆ చుట్టుపక్కల ఊళ్లలోనో రెండు గదుల ఇంట్లో కాపురం చేసేవాళ్లకు ఆ సలహా పెద్దగా పనికిరాదు. ముందు గదిలో మామ మంచం, వెనక గదిలో పిల్లల పక్కలు, మధ్యలో తలుపుకు బదులు పరదా. గుసగుసలాడినా అవతలికి వినబడుతుంది. బతుకమ్మకో, పెళ్లికో ఆడబిడ్డలు వస్తే వాకిలి కూడా నిండిపోతుంది. ఆలుమగల మధ్య మాట పెరగని ఇల్లు ఉండదు. అయితే ఆ మాట ఎక్కడ ఆగాలో, ఆగిన తర్వాత ఎవరి ముందు ఎట్లా సర్దుకోవాలో ముందే అనుకోవచ్చు. మొదటిసారి అనుకునేవాళ్ల కోసమే ఇది.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. అమెరికన్ మనస్తత్వవేత్త మార్క్ కమింగ్స్, ఆయన సహచరులు 1980ల నుంచి పెద్దల కొట్లాటలు చూసిన పిల్లలను పరిశీలిస్తూ వచ్చారు. గొడవ చూసిన పిల్లలు బెదురుతారు, అందులో కొత్త ఏమీ లేదు. కానీ అదే గొడవ రాజీతో ముగియడం కూడా చూసిన పిల్లల్లో ఆ బెదురు బాగా తగ్గింది. రాజీ చాటున జరిగినా, జరిగిందని తర్వాత చెప్తే కూడా కొంత ఊరట దొరికింది. అరుపులు లేకుండా మొహాలు మాడ్చుకుని తిరిగే మౌనం మాత్రం అరుపుల్లాగే పిల్లలను కలతపెట్టింది.

మన ఇళ్లలో సాధారణంగా జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. కొట్లాట అందరి ముందు జరుగుతుంది, రాజీ అర్ధరాత్రి ఎవరూ చూడకుండా జరుగుతుంది. తెల్లారి అమ్మానాన్న మామూలుగా చాయ్ తాగుతుంటారు. మధ్యలో ఏం జరిగిందో తెలియని పిల్ల ఆ ఖాళీని తన ఊహతో నింపుకుంటుంది. ఎక్కువసార్లు ఆ ఊహ "నా వల్లనే" అన్నదే.

ఒప్పందం ఎప్పుడు, ఎక్కడ

గొడవైన రాత్రి నియమాలు పెట్టుకోకూడదు. అప్పుడు చెప్పే ప్రతి నియమమూ నిందలా వినిపిస్తుంది. రెండు మూడు రోజులు పోనిచ్చి, ఇద్దరే ఉండే చోటు చూసుకోండి. పొలం గట్టు, డాబా మీద, జనగామకో హన్మకొండకో బండి మీద పోయి వచ్చేటప్పుడు దారిలో ఏ చెట్టు కిందైనా సరే. అరగంట చాలు. ఆ అరగంటలో పాత గొడవల్లో ఎవరిది తప్పు అన్నది తేల్చుకోవద్దు. మూడే మూడు విషయాలు మాట్లాడుకోండి: ఎవరి ముందైనా ఎత్తకూడని మాటలు, ఆపే మాట, సర్దుకునే పద్ధతి.

ఎత్తకూడని మాటలు

చిట్టా పొడుగైతే గుర్తుండదు. నాలుగు చాలు. మొదటిది, అవ్వగారింటి ఊసు, అత్తగారింటి ఊసు: "మీవోళ్లు ఏం పెట్టిండ్రు", "మీ అవ్వ నేర్పిన బుద్ధే". రెండోది, పిల్లలనే గొడవకు కారణంగా చూపే మాట: "దాని ఫీజులకే ఇల్లు మునుగుతున్నది". మూడోది, "పోత, ఇగ ఈ ఇంట్ల ఉండ" అన్న బెదిరింపు. నాలుగోది, "సస్త" అన్న మాట. పెద్దలకు చివరి రెండూ కోపంలో వచ్చే ఊతపదాలు కావచ్చు. ఎనిమిదేళ్ల పిల్లకు అవి నిజంగా జరగబోయే సంగతులు. బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లో ఉంటుందో లేదో అన్న దిగులు అక్కడే మొదలవుతుంది. ఎవరైనా "సస్త" అని పదే పదే అంటుంటే మాత్రం దాన్ని నియమం తప్పడంగా చూడొద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి.

ఇవి కాక మిగిలినవన్నీ నిషేధించాల్సిన పని లేదు. టీవీ కొనాలా, కుట్టు మిషన్ కొనాలా అన్న వాదన పిల్లలు వింటే నష్టం లేదు. ఇద్దరు వేరుగా ఆలోచించి కూడా ఒక మాట మీదికి రావచ్చని వాళ్లకు తెలుస్తుంది. అప్పులు, పడకగది సంగతులు, మూడో మనిషి మీద ఫిర్యాదులు మాత్రం పక్కకు పోయి మాట్లాడుకోవాల్సినవి.

చంటిపిల్ల నిద్రపోతున్నదిలే అని గొంతు పెంచేవాళ్లకు ఒక మాట. 2013లో ఓరెగాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 6 నుంచి 12 నెలల పసిపిల్లలు నిద్రపోతుండగా వాళ్ల మెదడును స్కాన్ చేశారు. కోపంగా ఉన్న గొంతుకు నిద్రలోనే మెదడు స్పందించింది. తల్లిదండ్రుల గొడవలు ఎక్కువగా ఉన్న ఇళ్ల పిల్లల్లో ఆ స్పందన ఇంకా బలంగా కనిపించింది.

ఆపే మాట

ఇద్దరికీ తెలిసిన ఒక మాట పెట్టుకోండి. "చాయ్ పెడ్త" అన్నా సరే, "మోటర్ బందు చేసి వస్త" అన్నా సరే. చుట్టాల ముందు అన్నా ఎవరికీ వింతగా తోచకూడదు. ఎవరు ముందు అన్నా రెండోవాళ్లు అక్కడితో ఆపాలి. ఇక్కడే చాలామంది తప్పేది ఒకటుంది. ఆపే మాట అని లేచిపోతారు, మళ్లీ ఆ సంగతి ఎత్తరు. రెండుసార్లు అట్లా జరిగితే అవతలి మనిషికి ఆ మాట వింటేనే మండుతుంది, ఎందుకంటే అది తప్పించుకునే దారి అయిపోయింది. కాబట్టి ఆపినవాళ్లే మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో చెప్పాలి: "తొమ్మిదింటికి, పిల్లలు పండుకున్నంక."

కనీసం 20 నిమిషాలన్నా ఆగాలి. దంపతుల గొడవల మీద చాలాకాలం పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్ చెప్పేది ఇది: కోపంలో గుండె నిమిషానికి 100 సార్లకు పైగా కొట్టుకుంటుంటే అవతలివాళ్లు చెప్పేది చెవికెక్కదు, ఒళ్లు నెమ్మదించడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఆ 20 నిమిషాలూ మనసులో జవాబులు తయారు చేసుకుంటూ కూర్చుంటే లాభం లేదు. బర్రెకు గడ్డి వేయండి, బట్టలు మడత పెట్టండి. తాగి ఉన్నప్పుడైతే 20 నిమిషాల లెక్క పనిచేయదు. ఆ మాట తెల్లారేదాకా వాయిదా వేయాల్సిందే.

ఒక ఇంట్లో జరిగినట్టు అనుకుందాం

బతుకమ్మ పండుగ. భర్త అక్క తన పిల్లలతో పుట్టింటికి వచ్చింది. రాత్రి అందరూ అన్నాలు తింటున్నారు. రేపు మహిళా సంఘంలో అప్పు కిస్తి కట్టాలి. ఆ పైసలు భర్త వాడుకున్నాడు. భార్య అడిగింది: "ఇగో, కిస్తి పైసలు యాడున్నయి?" అక్క ముందు చేతిలో పైసలు లేవని ఒప్పుకోవడం అతనికి నామోషీ. గట్టిగా అరిచాడు: "మీ అవ్వగారింటి నుంచి తెచ్చినవా ఏంది, గిట్ల అడుగుతున్నవు?" ఆమె కంచం ముందు నుంచి లేచింది. ఎనిమిదేళ్ల బిడ్డ ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చుంది. అక్క కల్పించుకుంది: "పండుగ పూట గిదేం అడుగుడు, మరదలా?"

ఇప్పుడు చేయాల్సినవి వరుసగా చూద్దాం. అక్క అన్న మాటతో తీర్పు మొదలైపోయింది. దాన్ని ఆపాల్సింది ఆమె తమ్ముడే: "అక్కా, నువ్వు తిను. ఇది మా ఇద్దరి ముచ్చట, మేం మాట్లాడుకుంటం." ఎవరి తరఫు చుట్టాలను వాళ్లే ఆపాలి. ఇది ముందే అనుకోవాల్సిన నియమం. అదే మాట కోడలు అంటే ఎదురు చెప్పినట్టవుతుంది, కొడుకు అంటే సర్దిచెప్పినట్టవుతుంది. అల్లుడు అత్తగారింట్లో ఉన్నప్పుడు ఈ పని కూతురిది.

తర్వాత ఆపే మాట, గంట చెప్పడం. పిల్లలు పడుకున్నాక డాబా మీద లెక్క తేలింది. రేపు సగం కిస్తి భర్త తమ్ముడి దగ్గర బదులు తీసుకుని కడతారు, మిగతా సగం పత్తి అమ్మగానే ఇస్తామని సంఘంలో భార్య మాట్లాడుతుంది. ఆ బదులు అడగాల్సింది భర్తే, ఎందుకంటే పైసలు వాడింది అతను.

చాలా ఇళ్లలో కథ ఇక్కడితో అయిపోతుంది, కానీ సగమే అయింది. అతను భార్యను చిన్నబుచ్చింది అక్క ముందు, బిడ్డ ముందు. డాబా మీద చెప్పిన "తప్పయింది" ఆ ఇద్దరికీ అందలేదు. అక్క తన ఊరు పోయి "మా మరదలు పండుగ పూట పైసల కోసం లొల్లి చేసింది" అనే చెప్తుంది. కాబట్టి పొద్దున చాయ్ దగ్గర, అందరూ ఉన్నప్పుడే, రెండు ముక్కల్లో: "అక్కా, రాత్రి కిస్తి సంగతి అడుగుడు తప్పు కాదు, పైసలు వాడింది నేనే. వాళ్ల అవ్వగారి మాట ఎత్తుడు నా తప్పు." భార్య కూడా తన వంతు చెప్పొచ్చు: "నేను గూడ పక్కకు పిలిచి అడగాల్సుండె." అయితే ఆమె వంతు అతని వంతుకు షరతు కాకూడదు. "నువ్వు గట్ల అడిగినందుకే నేను గిట్ల అన్న" అని మొదలుపెడితే అది క్షమాపణ కాదు, రెండో గొడవకు నాంది.

బిడ్డకు వేరుగా చెప్పాలి, ఆమె ఎత్తుకు వంగి కూర్చుని: "రాత్రి మేం గట్టిగ ఒర్రినం. నువ్వు బుగులు పడ్డవు గదా. అది నీ వల్ల కాదు, పైసల ముచ్చట. ఇప్పుడు ఎట్ల కట్టాల్నో అనుకున్నం." ఇంతే. అప్పు లెక్కలు, ఎవరిది ఎంత తప్పు అన్నది ఆమెకు అక్కర్లేదు. "అమ్మ అన్నది నిజమేనా?" అని అడిగి ఆమెను సాక్షిని చేయొద్దు. పద్నాలుగేళ్ల పిల్లవాడైతే ఇంకొంచెం వివరం అడుగుతాడు, చెప్పొచ్చు. కానీ న్యాయం చెప్పమని వాడినీ అడగకూడదు.

రాజీ కుదరనప్పుడు కుదిరినట్టు నటించొద్దు, పిల్లలు ఇట్టే పసిగడతారు. "ఇంకా తేలలే, ఆదివారం మళ్ల మాట్లాడుకుంటం, అప్పటిదాక ఒర్రం" అన్నా చాలు, మాట మీద నిలబడితే.

సరిగ్గా సాగడం లేదని ఎట్లా తెలుస్తుంది

"మీ డాడీకి అన్నం తినమని చెప్పుపో." ఈ ఒక్క వాక్యం మీ ఇంట్లో వినబడిందంటే పిల్లను మధ్యవర్తిగా పెట్టేశారు. "నేను తిననని చెప్పు" అన్న జవాబు మోసుకుంటూ ఆ పిల్ల వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతుంటుంది. అన్నం సంగతి అయినా సరే, ఎదురుగా నిలబడి మీరే చెప్పండి. గొంతు పెరగగానే ఒక పిల్లవాడు కోతి చేష్టలు చేసి నవ్వించబోతాడు, ఇంకొకరు కడుపునొప్పి అంటారు, పెద్దది చెప్పకుండానే అంట్లు తోమడానికి లేస్తుంది. బుద్ధిమంతురాలని మెచ్చుకుని వదిలేయొద్దు, ఆ పిల్ల గొడవను ఆపే పని నెత్తిన వేసుకుంది. ఈ గుర్తులు వారాల తరబడి ఉంటే ఒప్పందం మీద మళ్లీ కూర్చోవాలి, బడి టీచర్‌తోనూ ఒకసారి మాట్లాడాలి.

నియమం తప్పడం మాత్రం తప్పకుండా జరుగుతుంది. మొదటి రెండు నెలలు ఆపే మాట గుర్తురాదు, గుర్తొచ్చినా నోట రాదు. అప్పుడు "ఇవన్నీ మనకు అచ్చిరావు" అని వదిలేయకుండా, తెల్లారి చాయ్ దగ్గరి పని ఒక్కటైనా చేయండి. మిగతా వాటికంటే అదే ముఖ్యం.

ఇదంతా ఇద్దరూ సమానంగా నోరు విప్పగలిగే ఇంటికి. చెయ్యి లేచే ఇంట్లో, ఒకరి అడుగు చప్పుడుకే మిగతావాళ్లు వణికే ఇంట్లో ఒప్పందాలు పనిచేయవు. అక్కడ పొద్దున క్షమాపణ, రాత్రి దెబ్బ ఒక చక్రంలా తిరుగుతుంటాయి. పెద్దమనుషుల పంచాయితీ "సర్దుకుపో బిడ్డా" అని పంపిస్తే ఆగాల్సిన పని లేదు. 2005 గృహహింస చట్టం కింద కొట్టడమే కాదు, తిట్టి అవమానించడం, ఇంటి ఖర్చుకు పైసలివ్వకపోవడం కూడా హింసే. మహిళలు 181కు, పిల్లల కోసం 1098కి ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు. ప్రాణం మీదికి వస్తే 112. ఈ మూడు నంబర్లూ ఉచితం.