బయానా తిరిగి కోరుతూ వ్రాసిన లేఖ

పరిచయం

స్నేహితునికి వ్రాసే లేఖలోని చనువు గాని, అధికారికి పెట్టుకొనే అర్జీలోని వినయం గాని ఈ పాఠంలోని లేఖకు పనికిరావు. ఇది హక్కును అడిగే లేఖ. గిద్దలూరు వాసి ఒకరు మార్కాపురం శివారులో ఇంటి స్థలం కొనడానికి బయానా ఇచ్చారు. ఆ స్థలంపై న్యాయస్థానంలో దావా నడుస్తున్న సంగతి తరువాత తెలిసింది. లేఖ, అందులోని వ్యక్తులు కల్పితం. చట్టం మాత్రం వాస్తవం.

లేఖ

గిద్దలూరు,
10-11-2025.

అయ్యా,

మార్కాపురం శివారులో స్టేషను రోడ్డు వైపున గల మీ 5 సెంట్ల ఇంటి స్థలాన్ని సెంటు ఒక్కింటికి రూ. 1,80,000 చొప్పున మొత్తం రూ. 9,00,000 లకు నాకు విక్రయించుటకు అంగీకరించి, 14-07-2025 తేదీన మీరు క్రయ ఒప్పందం వ్రాసి ఇచ్చారు. అదే రోజున నేను రూ. 2,00,000 బ్యాంకు చెక్కు ద్వారా బయానాగా చెల్లించాను. మిగిలిన పైకం ఆరు నెలలలో చెల్లించి రిజిస్ట్రేషను చేయించుకొనవలెనని షరతు.

ఆ ఒప్పందం నాలుగవ పేరాలో, సదరు స్థలంపై ఎట్టి తాకట్టులు గాని, కోర్టు తగాదాలు గాని లేవని మీరు వ్రాశారు. నేను సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుండి ఋణభార పత్రం కూడ తీసుకున్నాను. అందులో అభ్యంతరకరమైన దేదీ కనబడలేదు.

03-11-2025 తేదీన స్థలం కొలిపించుటకు వచ్చినప్పుడు, మీ సోదరి 2023లోనే మార్కాపురం సివిల్ న్యాయస్థానంలో భాగపరిష్కారం కోరుతూ దావా వేశారని ఇరుగుపొరుగువారి వలన తెలిసింది. మరునాడు విచారించగా, ఆ దావాలో ఈ స్థలం చేరి ఉన్నదని, మీరు రెండవ ప్రతివాదులని, 2024లోనే మీ జవాబు దాఖలైనదని రుజువైంది. ఆ జవాబు నకలు దీనితో జతపరచాను. ఒప్పందం నాటికి దావా సంగతి మీకు తెలుసు. నాకు తెలియదు. తెలిసి ఉంటే నేను బయానా ఇచ్చి ఉండేవాడిని కాను.

నేను మనసు మార్చుకొని వెనుకకు తగ్గుట లేదు. మీరు దావా సంగతి దాచినందువలన ఒప్పందాన్ని రద్దు చేసుకొంటున్నాను. ఈ లేఖ అందిన 15 రోజులలోగా రూ. 2,00,000 లను, చెల్లించిన తేదీ నుండి సంవత్సరానికి 12 శాతం వడ్డీతో, నా బ్యాంకు ఖాతాకు జమ చేయవలసినదిగా కోరుతున్నాను. లేనియెడల తగిన న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తాను. అందుకగు ఖర్చులకు మీరే బాధ్యులు కాగలరు.

ఇట్లు,
(కొనుగోలుదారు సంతకం)

జతపరచినవి: ఒప్పందం నకలు, చెక్కు వివరం, దావాలో దాఖలైన జవాబు నకలు.

వివరణ

లేఖలో ఒక్క తిట్టు లేదు. ‘మోసగాడవు’ అన్న మాట కూడ లేదు. అయినను ఇది మెత్తని లేఖ కాదు. దీని బలమంతా మూడు చిన్న వాక్యాలలో ఉన్నది: ‘మీకు తెలుసు. నాకు తెలియదు. తెలిసి ఉంటే ఇచ్చి ఉండేవాడిని కాను.’ ఈ వాక్యాలు ఊరకనే రాలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, ఆస్తిలో గాని హక్కులో గాని ముఖ్యమైన లోపం ఉన్నప్పుడు అమ్మేవారు దానిని కొనేవారికి చెప్పితీరాలి. అయితే ఆ లోపం అమ్మేవారికి తెలిసినదై, కొనేవారికి తెలియనిదై, మామూలు జాగ్రత్తతో కొనేవారు కనిపెట్టలేనిదై ఉండాలి. అట్టి లోపాన్ని చెప్పకపోవడాన్ని ఆ చట్టం మోసంగానే పరిగణిస్తుంది.

మొదటి అంశానికి సాక్ష్యం దావాలో దాఖలైన జవాబు. తానే ప్రతివాదియై జవాబు వేసినవారు దావా సంగతి తెలియదనలేరు. రెండవ దానికి సాక్ష్యం ఒప్పందంలోని నాలుగవ పేరా. మూడవది కొంచెం చిక్కైనది. ఋణభార పత్రం చూస్తే చాలదా అని విద్యార్థి అడుగవచ్చు. చాలదు. ఆ పత్రంలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు. సోదరి వేసిన దావా రిజిస్టరైన దస్తావేజు కాదు గనుక అందులోకి రాదు. మహారాష్ట్రలో నడుస్తున్న దావాకు నోటీసు రిజిస్టరు చేయించే ఏర్పాటు చట్టంలో ఉన్నది. మనకు అట్టి ఏర్పాటు లేదు. ఈ-కోర్టుల వెబ్‌సైటులో కక్షిదారు పేరుతో వెదకవచ్చు గాని, సర్వే నంబరుతో వెదకే వీలు లేదు. ఒకే పేరును నాలుగు విధాల వ్రాసే మన దేశంలో ఆ వెదుకులాట తప్పిపోవడం వింత కాదు. అయినను అమ్మేవారి వకీలు మొదట పట్టుకొనేది ఇక్కడే: ‘పేరుతో వెదికితే దొరికేది కదా?’ అందుకే లేఖకుడు తాను తీసుకున్న ఋణభార పత్రాన్నీ, లిఖితపూర్వకమైన హామీనీ ముందే పేర్కొన్నాడు.

దావా ఉన్నా కొనుక్కోవచ్చును కదా అని మరొకరు అనవచ్చు. అదే చట్టం 52వ సెక్షను ప్రకారం, దావా నడుస్తుండగా జరిగిన అమ్మకం చెల్లకుండా పోదు. కాని అది తీర్పుకు లోబడి ఉంటుంది. సోదరికి సగం వాటా తేలితే, కొన్నవారికి దావా సంగతి తెలియదన్న వాదన అక్కరకు రాదు. తొమ్మిది లక్షలు పోసి కొన్న 5 సెంట్లలో ఎన్ని మిగులుతాయో తీర్పు వచ్చేవరకు తెలియదు.

‘నేను మనసు మార్చుకొని వెనుకకు తగ్గుట లేదు’ అన్న వాక్యం విద్యార్థులకు అనవసరమనిపించవచ్చు. నా దృష్టిలో లేఖకంతటికీ అదే కీలకం. కారణం లేకుండా తప్పుకున్న కొనుగోలుదారు బయానా పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది. అమ్మేవారి తప్పు వలన తప్పుకున్నవారికి ఆ భయం లేదు. పైగా 55వ సెక్షను వారికి, తాము చెల్లించిన సొమ్ముకు ఆ స్థలం మీదనే హక్కు భారాన్ని కల్పిస్తుంది. ‘నాకు అవసరం తీరిపోయింది, డబ్బు ఇప్పించండి’ అని వ్రాసినవారు ఈ రక్షణను తమ చేతులతోనే వదులుకున్నట్లు.

లేఖ పంపే పద్ధతి కూడ లేఖలో భాగమే. 2025లో రిజిస్టర్డ్ తపాలా స్పీడు పోస్టులో కలిసిపోయింది. కాబట్టి చేరిక రసీదు కోరుతూ స్పీడు పోస్టులో పంపాలి. అవతలివారు తీసుకోక తిప్పి పంపితే ఆ కవరును చింపకుండా దాచాలి. న్యాయస్థానంలో అది కూడ సాక్ష్యమే. లేఖకు ఫలితం లేకపోతే దావా వేయడానికి సాధారణంగా మూడు సంవత్సరాల గడువు ఉంటుంది. రిజిస్ట్రేషను చేయించమని దావా వేసేవారు ‘అది కుదరకపోతే బయానా ఇప్పించండి’ అని కూడ విడిగా కోరాలి. అలా కోరనివారికి వాపసు ఇప్పించలేమని సుప్రీంకోర్టు 2022లో ఒక తీర్పులో చెప్పింది.

భాషా విశేషాలు

దావా, వకాలతు, బయానా, దస్తావేజు – ఇవి అరబీ, పారసీ భాషల నుండి వచ్చిన మాటలు. విక్రయం, ప్రతివాది, భాగపరిష్కారం సంస్కృతం నుండి వచ్చినవి. తగాదా తీర్చే భాష తెలుగులో ఈ రెండు దారులలో పెరిగింది. పదమూడవ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేర మితాక్షరను తెనిగించాడు. తనది కాని వస్తువును అమ్మడం ఆ ధర్మశాస్త్ర సంప్రదాయంలో ‘అస్వామివిక్రయం’ అన్న ప్రత్యేక వివాదపదం. మన లేఖలోని అమ్మకందారు దానికి కొంచెం ఇవతల ఉన్నాడు. స్థలం అతనిది కాదని ఇంకా ఎవరూ తేల్చలేదు.

అర్థాలు: బయానా = ముందుగా ఇచ్చే సొమ్ము; ఋణభార పత్రం = ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల పట్టిక; భాగపరిష్కారం = ఉమ్మడి ఆస్తిని పంచడం; నకలు = ప్రతి.

అభ్యాసం

1. దావా సంగతి కొనుగోలుదారుకు ఋణభార పత్రం వలన ఎందుకు తెలియలేదు?
2. ‘మీరు దావా సంగతి దాచినందువలన ఒప్పందాన్ని రద్దు చేసుకొంటున్నాను’ అన్న వాక్యాన్ని కర్మణి ప్రయోగంలో వ్రాయండి.
3. స్థలంపై బ్యాంకు తాకట్టు ఉన్నట్లు తరువాత తెలిసిందనుకొని, ఇదే పద్ధతిలో ఒక లేఖ వ్రాయండి. తాకట్టు రిజిస్టరైనదయితే మూడవ అంశం నిలుస్తుందో లేదో ఆలోచించి వ్రాయండి.