వరదగుడి – 22 డిగ్రీల లెక్క

చంద్రుడి చుట్టూ వెలుగు వలయం ఏర్పడితే మా చిల్లకల్లు, నందిగామ ప్రాంతాల్లో "చంద్రుడు గుడి కట్టాడు" అంటారు. దీనికే వరదగుడి అనీ, పరివేషమనీ పేర్లు. "దగ్గర గుడి దూరపు వాన, దూరపు గుడి దగ్గర వాన" అన్న సామెత కూడా ఉంది. సూర్యుడికీ గుడి కడుతుంది. 2021 మే 24న బెంగుళూరులోనూ, జూన్ 2న హైదరాబాదులోనూ పట్టపగలు వేలాది మంది దాన్ని చూశారు. ఏ ఊళ్లో చూసినా, ఏ యేడు చూసినా ఈ పెద్ద గుడి వ్యాసార్ధం 22 డిగ్రీలే. 20 కాదు, 30 కాదు, 22 మాత్రమే ఎందుకు కావాలి? దీనికి సమాధానం మన ఫిజిక్సు ల్యాబులోనే ఉంది.

మే నెలలో మా ఊళ్లో నేల కాలిపోతున్నా, ఎనిమిది, పది కిలోమీటర్ల ఎత్తున గాలి గడ్డకట్టే చలిలో ఉంటుంది. అక్కడి పల్చని తెర మబ్బులో ఉండేవి నీటి బొట్లు కావు, మంచు స్ఫటికాలు. ఒక్కొక్కటీ చెక్కిన పెన్సిలు ముక్కలాగా ఆరు పక్కలతో ఉంటుంది. పక్కపక్క ముఖాల మధ్య కోణం 120 డిగ్రీలు. ఒక ముఖంలో దూరిన కిరణం దాని పక్క ముఖం నుంచి బయటికి రాలేదు. సంపూర్ణాంతర పరావర్తనం చెందుతుంది. ఎదుటి ముఖం సమాంతరం కనుక అటు వెళ్లిన కిరణం దిశ మారదు. ఒక ముఖం వదిలి తరువాతి ముఖాన్ని చూడండి. ఆ రెంటినీ పొడిగిస్తే 60 డిగ్రీల కోణంలో కలుస్తాయి. అంటే మన ల్యాబులోని 60 డిగ్రీల పట్టకమే, గాజుకు బదులు మంచుతో చేసినది.

ఇక సూత్రం మనకు తెలిసినదే:

n = sin((A + D)/2) / sin(A/2)

మంచు వక్రీభవన గుణకం 1.31. A = 60 కనుక sin 30 = 0.5. అప్పుడు sin((A + D)/2) = 0.655. ఆ కోణం 40.9 డిగ్రీలు. రెట్టిస్తే 81.8; అందులోంచి 60 తీసేస్తే D = 21.8. అదే మన 22. గుణకం 1.5 ఉన్న గాజుకైతే 37 డిగ్రీలు వచ్చేది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. స్ఫటికాలు గాలిలో అడ్డదిడ్డంగా దొర్లుతుంటాయి గదా, వాటిని కనిష్ఠ విచలన స్థానంలో నిలబెట్టినవారెవరు? ఎవరూ నిలబెట్టనక్కరలేదు. నేను లెక్క వేసి చూశాను. పతన కోణం 35 అయితే విచలనం 22.2, 41 అయితే 21.8, 50 అయితే 22.5. పతన కోణం 15 డిగ్రీలు మారినా విచలనం ఒక డిగ్రీ కూడా మారలేదు. అదే పతన కోణం 20కి దిగితే విచలనం 27.5కి ఎగబాకుతుంది. స్పెక్ట్రోమీటరు మీద పట్టకాన్ని తిప్పుతుంటే స్లిట్ ప్రతిబింబం ఒకచోట ఆగినట్టే ఆగి వెనక్కి తిరుగుతుంది చూడండి, ఇదీ అదే. అందువల్ల కోట్ల స్ఫటికాల కాంతి 22 దగ్గర పోగవుతుంది. అంతకన్న తక్కువ కోణానికి ఒక్క కిరణమూ వంగదు. గుడి లోపలి ఆకాశం కాస్త నల్లగా, లోపలి అంచు పదునుగా, బయటి అంచు చెదిరినట్టు ఉండడానికి కారణం ఇదే. ఎరుపుకు గుణకం తక్కువ కనుక అది 21.6 దగ్గర, అంటే లోపలి అంచున కనిపిస్తుంది. ఊదా 22.4 దగ్గర ఉన్నా, ఇతర రంగుల వెలుగు దాని మీద పడి తెల్లబారిపోతుంది.

కొలవడం తేలికే. కంటికి 50 సెంటీమీటర్ల దూరంలో స్కేలు నిలబెడితే చంద్రుడి నుంచి గుడి లోపలి అంచుకు 20 సెంటీమీటర్లు రావాలి. సూర్యుడినైతే ఏ కరెంటు స్తంభం చాటునో పూర్తిగా దాచి కొలవాలి, నేరుగా చూడరాదు.

సామెతలోని "దగ్గర గుడి" మాత్రం వేరు సంగతి. అది పల్చని మబ్బులోని నీటి బొట్ల వద్ద కాంతి వివర్తనం చెందడం వల్ల కలిగేది. సాధారణంగా కొద్ది డిగ్రీలే ఉంటుంది, బొట్టు సైజును బట్టి మారుతుంది, దాని ఎరుపు బయటి అంచున ఉంటుంది. ఎరుపు ఎటు ఉందో చూస్తే ఏ గుడి ఏదో తేలిపోతుంది.

మరి వాన మాటేమిటి? బంగాళాఖాతంలో తుఫాను లేచినప్పుడు దాని పైభాగాన్నుంచి మంచు మబ్బు చాలా ముందుకు పరుచుకుంటుంది. అప్పుడు దూరపు గుడి కనిపించాక వాన రావచ్చు. కాని ఎక్కడో కురిసి చెదిరిపోయిన ఉరుము మబ్బు కూడా అలాంటి తెరనే వదలిపోతుంది. కనుక ఒక్క గుడిని చూసి కల్లంలో మిరపకాయలు ఎత్తనక్కరలేదు. ఆ తెర గంట గంటకూ చిక్కబడి, గుడి మాసిపోయి, సూర్యుడు గరుకు అద్దం వెనక దీపంలా కనిపిస్తే మాత్రం సామెతను నమ్మి పట్టాలు సిద్ధం చేసుకోవడం మంచిది.