ప్రశ్నలు – జవాబులు: లైకులు రెండు వందలు, వచ్చింది నలుగురు

ప్రశ్న: మాది హనుమకొండలో పదకొండు మందిమి కలిసి నడుపుకొనే చిన్న సంస్థ. ఏటా బడులు తెరిచే రోజుల్లో నాలుగు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోని 300 మంది పిల్లలకు నోటుపుస్తకాలు, పెన్సిళ్లు వగైరా సంచిలో పెట్టి ఇస్తాం. వాలంటీర్ల కోసం పోయినేడు ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్‌లోనూ ఇలా రాశాం: "చిరునవ్వులు పంచుదాం రండి! జూన్‌లో స్కూల్ కిట్ల పంపిణీ. ఆసక్తి ఉన్నవారు సంప్రదించగలరు." రెండు వందల లైకులు వచ్చాయి. మనుషులు మాత్రం నలుగురే వచ్చారు. ఈసారి 2026 జూన్ 13 శనివారం పంపిణీ పెట్టుకున్నాం. ఏం రాస్తే జనం వస్తారు?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: లైకు కొట్టినవాళ్లకు మనసు లేదనుకోకండి. మీ మాటలు చదివాక ఏ రోజు రావాలో, ఎన్ని గంటలు ఉండాలో, వచ్చి ఏం చేయాలో వాళ్లకు తెలియలేదు. "సంప్రదించగలరు" అన్నారు కాబట్టి ఆ మూడూ వాళ్లే ఫోన్ చేసి అడగాలి. అంత పని పెట్టుకునేవాళ్లు నలుగురే ఉంటారు.

రాయడానికి ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. మీ సంచిలో ఏడు రకాల వస్తువులున్నాయనుకుందాం. బల్లలు వరసగా వేసి, ఒక్కొక్కరు ఒక్కో వస్తువు పెడుతూ సంచిని పక్కవాళ్లకు అందిస్తారు. ఎనిమిదో మనిషి సరిచూసి మూతి కడతారు. చేయి అలవాటు పడ్డాక ఒక వరస నుంచి నిమిషానికి ఒక సంచి వస్తుంది. అలా 300 సంచులకు ఐదు గంటలు పడుతుంది. జూన్ ఎండల్లో ఐదు గంటలు ఉండమంటే ఎవరూ రారు. రెండు వరసలు పెడితే రెండున్నర గంటలు, మొదట పని చూపించడానికి అరగంట. ఉదయం 8కి మొదలుపెడితే 11కి ముగుస్తుంది. వరసల్లో పదహారు మంది, అట్టపెట్టెలు విప్పి సరుకు అందించేందుకు నలుగురు, వెరసి ఇరవై మంది కావాలి. నేను చూసినంతలో ఇరవై పేర్లు వస్తే పద్నాలుగు, పదిహేను మందే వస్తారు. అందుకని 28 పేర్లు తీసుకోండి.

రెండు వరసలూ ఒకే సరుకు సర్దకూడదు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు నాలుగు గీతల పుస్తకం కావాలి, పైతరగతులకు ఒంటి గీతది. ఒకసారి మేం 180 సంచులు కట్టేశాక చూస్తే, నాలుగు గీతల పుస్తకాల పెట్టె టేపు కూడా తీయకుండా గోడ పక్కన అలాగే ఉంది. కట్టిన ముడులన్నీ మళ్లీ విప్పాం. అప్పటినుంచి చిన్న తరగతుల వరసకు ఎర్ర తాడు, పెద్ద తరగతులకు నీలం తాడు వాడుతున్నాం.

ఇక మీ తేదీ. జూన్ 13 రెండో శనివారం, బడికి సెలవు. పైగా తెలంగాణలో బడులు మామూలుగా జూన్ 12న తెరుచుకుంటాయి, బడిబాట చేరికలు ఆ తర్వాత కూడా సాగుతుంటాయి. పిల్లల లెక్క అప్పటికి తేలదు. సంచులు 7వ తేదీ ఆదివారం సర్దించి, పంపిణీ 20వ తేదీ శనివారానికి జరపండి. కొత్తగా చేరే పిల్లల కోసం ఓ ఇరవై సంచుల సరుకు విడిగా ఉంచుకోండి. పంపిణీకి బడికి ముగ్గురు చొప్పున పన్నెండు మంది చాలు. ఇక్కడా కొందరు రారు కాబట్టి పదహారు పేర్లు తీసుకోండి.

ఇప్పుడు రాయండి:

"జూన్ 7 ఆదివారం ఉదయం 8 నుంచి 11 వరకు హనుమకొండలో 300 బడి సంచులు సర్దాలి. 28 మంది కావాలి. పుస్తకాలు, పెన్సిళ్లు సంచిలో పెట్టి పక్కవారికి అందించడమే పని, వచ్చాక చూపిస్తాం. పుస్తకాల పెట్టెలు బరువుంటాయి, వాటిని మోయగలవారు నలుగురు ఆ సంగతి ముందే చెప్పండి. ఆదివారం కుదరనివారు జూన్ 20 శనివారం ఉదయం 9 నుంచి 12 వరకు పంపిణీకి రావచ్చు, దానికి 16 మంది చాలు. టూవీలర్ ఉంటే మంచిది. మంచినీళ్లు, టిఫిన్ మావి. పేరు ఇవ్వడానికి: మా ప్రొఫైల్‌లో ఉన్న ఫారం నింపండి, లేదా కింది నంబరుకు వాట్సాప్‌లో మీ పేరు, పక్కన 7 అనో 20 అనో రాసి పంపండి. చివరి తేదీ 2026 జూన్ 3."

తేదీని మొదటి వాక్యంలోనే పెట్టడానికి కారణం ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి ఒకటి రెండు వరసలే కనబడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అక్కడ క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కినా పనిచేయదు, అందుకే ప్రొఫైల్‌లో పెట్టమన్నాను. వాట్సాప్‌లో పంపేటప్పుడు "మా ప్రొఫైల్‌లో" అన్న మాట తీసేసి లింకు నేరుగా ఇవ్వండి. సంవత్సరం మాత్రం తప్పకుండా రాయండి. లేకపోతే వచ్చే జూన్‌లో ఎవరో ఇదే మెసేజ్ ఫార్వర్డ్ చేస్తారు, ఎక్కడో దూరం నుంచి ఒకాయన పొద్దున్నే వచ్చి తాళం వేసిన గేటు ముందు నిలబడతాడు.

ఫారంలో పేరు, ఫోన్, ఏ తేదీ, బరువు మోయగలరా, బండి ఉందా అన్న ఐదు ప్రశ్నలు చాలు. ఆధార్, పుట్టిన తేదీ మీకెందుకు? పేర్లు నిండగానే ఫారం మూసేయండి. 5వ తేదీ శుక్రవారం సాయంత్రం అందరికీ లొకేషన్ పంపి, "వస్తున్నారు కదా?" అని అడగండి. జవాబు రానివాళ్లకు శనివారం ఫోన్ చేయండి. రాలేమనేవాళ్లు అప్పుడే చెప్పేస్తారు, వాళ్ల బదులు మరొకరిని పిలవడానికి మీకు ఒక రోజు ఉంటుంది.

ప్రశ్న: గుంటూరు దగ్గర మా ఊరి బడికి బ్యాగులు ఇద్దామని వాలంటీర్లను పిలుస్తూ మెసేజ్ పెట్టేశాం. ఇప్పుడు హెడ్మాస్టరుగారు బ్యాగులు వద్దంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆయన మాట నిజం. ఆంధ్రప్రదేశ్‌లో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్టులో బ్యాగు, బూట్లు, బెల్టు, నోటుపుస్తకాలు, యూనిఫాం గుడ్డ ప్రభుత్వమే ఇస్తోంది. బ్యాగులు కొనకముందే ఆగండి. ఈ బడిలో ఏది ముందుగా అరిగిపోతోందో, ఏది పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకోలేకపోతున్నారో ఆయననే తరగతులవారీగా రాసిమ్మనండి. పెన్సిళ్లు, జామెట్రీ బాక్సు, నీళ్ల సీసా లాంటివి తేలవచ్చు. తర్వాత పేర్లు ఇచ్చినవాళ్లకు "బ్యాగులు కాదు, ఇవీ" అని మెసేజ్ పంపండి. తేదీ మారకపోతే ఆ మాట కూడా అందులోనే చెప్పండి, లేదంటే కార్యక్రమం రద్దయిందనుకుంటారు.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని, 66 ఏళ్లు. మోకాళ్ల నొప్పి, నిలబడలేను. ఇలాంటి పిలుపులు చూసినప్పుడల్లా వెళ్లాలనిపిస్తుంది. నాలాంటివాళ్లకు పనేమైనా ఉంటుందా?

జవాబు: ఉంటుందండీ, అందులోనూ టీచర్‌గారు చేయదగ్గ పనే. వరస చివర కుర్చీ వేసుకుని, కట్టబోయే ప్రతి సంచీ తెరిచి, ఏ తరగతికి ఏ గీతల పుస్తకం పడిందో చూసే మనిషి కావాలి. మేం 180 సంచులు విప్పిన రోజు అక్కడ మీలాంటివారు ఒక్కరున్నా, మొదటి సంచీ దగ్గరే పట్టుకునేవారు. పేరు పంపేటప్పుడు "కూర్చుని సరిచూసే పని ఇవ్వండి" అని ఒక ముక్క రాయండి.

హనుమకొండ అమ్మాయీ, మీ క్యాప్షన్‌లో ఈ వాక్యం కూడా చేర్చండి: "నిలబడలేనివారికి కూర్చుని సంచులు సరిచూసే పని ఉంది, ఇద్దరు కావాలి."