బాక్స్ మాట వినని రిమోట్

ప్రశ్న: పాత టీవీకి, కేబుల్ బాక్స్‌కి కలిపి యూనివర్సల్ రిమోట్ కొన్నాను. టీవీకి పనిచేస్తోంది, బాక్స్‌కి చేయడం లేదు.
– ఓ పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: కోడ్ ఎక్కించేటప్పుడు ముందుగా TV మీట కాదు, STB మీట నొక్కాలమ్మా. తర్వాత లైటు నిలకడగా వెలిగేదాకా SET పట్టుకుని, రిమోట్‌తో వచ్చిన కాగితంలో మీ బాక్స్ కంపెనీ ఎదురుగా ఉన్న అంకెలు కొట్టండి. చాలా రిమోట్లలో లైటు ఆరితే కోడ్ ఎక్కినట్టే. పవర్ పనిచేసి చానల్ అంకెలు పనిచేయకపోతే అదే కంపెనీ కింద ఉన్న తర్వాతి కోడ్ వేయండి.

లోకల్ కేబుల్ బాక్సులకు ఒక్కోసారి ఆ కాగితంలో కోడే దొరకదు. అప్పుడు లెర్నింగ్ రిమోట్ తీసుకోవాలి. బాక్స్ పాత రిమోట్ పనిచేస్తుండగానే రెండింటినీ ఎదురెదురుగా పెట్టి ఒక్కో మీటా నేర్పించాలి. పాతది పూర్తిగా పాడయ్యాక నేర్పడానికేమీ ఉండదు. కొన్ని చవక రిమోట్లు బ్యాటరీలు మార్చగానే కోడ్ మరిచిపోతాయి. పనిచేసిన అంకెల్ని బ్యాటరీ మూత లోపలే రాసుకోండి.